నొప్పిపెట్టే పంటికి మత్తు ఇంజెక్షన్ ఎందుకు సరిగా పనిచేయదు? స్థానిక మత్తుమందులు, సోడియం ఛానళ్లు, అడ్రినలిన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది దాదాపు ఒకే మాట చెబుతారు: "డాక్టరుగారూ, పోయినసారి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, పెదవి బరువెక్కింది, అయినా పన్ను ముట్టుకోగానే ప్రాణం పోయినంత పనైంది." ఇది వారి భ్రమ కాదు, భయమూ కాదు. దంతవైద్యంలో బాగా తెలిసిన సమస్యే ఇది. దీనికి కారణం తెలుసుకోవాలంటే మత్తుమందు నాడి లోపలికి వెళ్లి ఏం చేస్తుందో మొదట చూడాలి. కింది ప్రశ్నలన్నిటికీ కింది దవడలోని ఒక దంతం, అంటే లోపలి గుజ్జు వాచిపోయి రాత్రంతా సలుపుతున్న దంతమే ఉదాహరణ.

నాడిలో నొప్పి సంకేతం ఎలా ప్రయాణిస్తుంది?

నాడీతంతువు పొరకు లోపల, బయట విద్యుదావేశంలో తేడా ఉంటుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు లోపలివైపు బయటికంటే ఋణాత్మకంగా ఉంటుంది. దెబ్బ, వేడి, చల్లదనం వంటి ప్రేరణ తగిలినప్పుడు పొరలో ఉన్న సోడియం ఛానళ్లు తెరుచుకుంటాయి, బయట ఎక్కువగా ఉన్న సోడియం అయాన్లు ఒక్కసారిగా లోపలికి దూసుకువస్తాయి, ఆ చోట ఆవేశం తలకిందులవుతుంది. ఈ మార్పు పక్కనున్న ఛానళ్లను తెరిపిస్తుంది, అవి ఆపై పక్కవాటిని తెరిపిస్తాయి. ఈ విధంగా సంకేతం పంటి నుంచి మెదడు కాండం వరకు వెళుతుంది.

ఈ ఛానల్ ఒక పెద్ద ప్రోటీన్. దానికి ముఖ్యంగా మూడు స్థితులు ఉంటాయి: మూసి ఉన్న విశ్రాంతి స్థితి, తెరిచి ఉన్న స్థితి, తెరుచుకున్న కొద్ది మిల్లీసెకన్లలోనే లోపలి నుంచి అడ్డుపడి తాత్కాలికంగా పనిచేయని నిష్క్రియ స్థితి. నిష్క్రియమైన ఛానల్ తిరిగి విశ్రాంతి స్థితికి వచ్చాకే మళ్లీ తెరుచుకోగలదు. మత్తుమందు ఎక్కడ, ఎప్పుడు పట్టుకుంటుందో ఈ మూడు స్థితులే నిర్ణయిస్తాయి కాబట్టి వీటిని గుర్తుంచుకోవడం అవసరం.

మందు ఛానల్‌ను బయటి నుంచి మూస్తుందా, లోపలి నుంచి మూస్తుందా?

లోపలి నుంచి. చాలామందికి ఇది వింతగా తోస్తుంది, ఎందుకంటే మనం మందును నాడి బయట, కణజాలంలోనే ఎక్కిస్తాము. లిడోకైన్ వంటి మందు అణువు బలహీనమైన క్షారం. అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒక రూపానికి ఆవేశం ఉండదు, అది కొవ్వులో కరుగుతుంది, అందువల్ల కణపొర గుండా లోపలికి దూరిపోగలదు. రెండవ రూపం ఒక హైడ్రోజన్ అయాన్‌ను కలుపుకుని ధనావేశంతో ఉంటుంది, అది నీటిలో కరుగుతుంది కానీ కొవ్వుపొరను సులభంగా దాటలేదు.

ఆవేశం లేని రూపం పొరను దాటి కణం లోపలికి చేరుతుంది. లోపల కొంత భాగం మళ్లీ హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని ఆవేశ రూపంలోకి మారుతుంది, ఆ రూపం ఛానల్ రంధ్రం లోపలి నోటి వైపు నుంచి ఎక్కి, ప్రోటీన్ లోపలి గోడకు అతుక్కుని సోడియం రాకను అడ్డగిస్తుంది. కొంత మందు పొరలోని కొవ్వు గుండా నేరుగా కూడా ఛానల్‌ను చేరుకోగలదు, అయితే సాధారణ మత్తులో లోపలి దారిదే పెద్ద పాత్ర. దీనికి చక్కని నిదర్శనం క్యూఎక్స్-314 అనే అణువు. అది ఎల్లప్పుడూ ఆవేశంతోనే ఉండే లిడోకైన్ రూపాంతరం. నాడి బయట పోస్తే దాని ప్రభావం చాలా తక్కువ. అదే నాడి లోపలికి చేరవేస్తే ఛానళ్లను బాగా అడ్డగిస్తుంది.

అంటే ఒకే మందుకు రెండు పనులు ఉన్నాయి: దాటడానికి ఒక రూపం, పట్టుకోవడానికి మరొక రూపం. వాపు ఉన్నచోట చిక్కు వచ్చేది మొదటి పనిలోనే.

ఎక్కువ సంకేతాలు పంపుతున్న నాడి మీద మందు ఎక్కువగా పనిచేస్తుందంటారు. అది నిజమేనా?

నిజమే. ఛానల్ తెరిచి ఉన్నప్పుడు, నిష్క్రియంగా ఉన్నప్పుడు మందు దానికి ఎక్కువగా అతుక్కుంటుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు తక్కువగా అతుక్కుంటుంది. నాడి పదేపదే సంకేతాలు పంపుతుంటే ఛానళ్లు పదేపదే తెరుచుకుంటాయి, ప్రతిసారీ కొన్ని మందుకు చిక్కుతాయి, అందువల్ల అడ్డంకి పెరుగుతూ పోతుంది. దీన్ని వాడకం మీద ఆధారపడిన అడ్డంకి అంటారు. ఈ స్థితి ఆధారిత భావనను 1977లో శాస్త్రవేత్త బెర్టిల్ హిల్లె స్పష్టంగా ప్రతిపాదించారు.

ఇక్కడే ఒక వైరుధ్యం ఎదురవుతుంది. వాచిన పంటి నాడి ఎడతెగకుండా సంకేతాలు పంపుతోంది కదా, అలాంటప్పుడు మందు దాన్ని మరింత బాగా పట్టుకోవాలి. కానీ వాస్తవంలో జరిగేది దానికి విరుద్ధం. ఈ వైరుధ్యాన్ని మనసులో ఉంచుకుని ముందుకు చదవండి, జవాబు తరువాతి ప్రశ్నల్లో వస్తుంది.

తాకినట్టు తెలుస్తుంది కానీ నొప్పి లేదు. మత్తు సగమే ఎక్కినట్టా?

కాదు. నొప్పిని తీసుకుపోయే సన్నని తంతువులు, స్పర్శను, ఒత్తిడిని తీసుకుపోయే లావుపాటి తంతువుల కంటే సాధారణంగా ముందుగా లొంగుతాయి. కాబట్టి వైద్యుడు నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు అనిపించడం సహజం. నొప్పి మాత్రం అనిపించకూడదు. అనిపిస్తే వెంటనే చెప్పాలి, ఓర్చుకోకూడదు.

వాపు ఉన్నచోట మందు ఎందుకు బలహీనపడుతుంది?

ప్రతి మందుకూ పీకేఏ అనే ఒక సంఖ్య ఉంటుంది. చుట్టూ ఉన్న పీహెచ్ ఆ సంఖ్యతో సమానమైనప్పుడు మందులో సగం ఆవేశంతో, సగం ఆవేశం లేకుండా ఉంటుంది. లిడోకైన్‌కు ఇది సుమారు 7.9. ఆరోగ్యకరమైన కణజాలం పీహెచ్ 7.4. అక్కడ దాదాపు 24 శాతం అణువులు మాత్రమే దాటగల ఆవేశరహిత రూపంలో ఉంటాయి.

వాపు వచ్చినప్పుడు కణాలు లాక్టిక్ ఆమ్లం వంటివాటిని విడుదల చేస్తాయి, రక్తప్రసరణ తీరు మారుతుంది, పీహెచ్ పడిపోతుంది. అది 6.9కి పడిపోయిందనుకుందాం. అప్పుడు లిడోకైన్‌లో దాదాపు 9 శాతమే దాటగలదు. 6.4కి పడిపోతే దాదాపు 3 శాతం. పీహెచ్ ఒకటి తగ్గితే దాటగల మందు సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుందన్నమాట. లెక్కను తామే చూడదలచినవారికి సూత్రం ఇది:

```
ఆవేశరహిత భాగం = 1 / (1 + 10^(పీకేఏ − పీహెచ్))
```

ఈ ఆవేశిత అణువులు నశించవు, బయటే ఉండిపోతాయి. వాటిని అయాన్ల వలలో చిక్కినవి అంటారు. పైగా మందు సీసాలోని ద్రావణమే ఆమ్లంగా ఉంటుంది, ఆరోగ్యకరమైన కణజాలం తన బఫరు శక్తితో దాన్ని త్వరగా సరిచేస్తుంది. వాచిన కణజాలానికి ఆ శక్తి చాలావరకు ముందే ఖర్చైపోయి ఉంటుంది. దీనికి తోడు వాపులో రక్తనాళాలు విప్పారి ఉంటాయి, అందువల్ల మందు త్వరగా రక్తంలోకి కొట్టుకుపోతుంది, చేరిన నీరు దాన్ని పలచబరుస్తుంది.

అలాగైతే మందును ముందే తటస్థం చేసి ఇవ్వవచ్చు కదా?

చేస్తారు. 10 మి.లీ. లిడోకైన్‌కు 8.4 శాతం సోడియం బైకార్బొనేట్ 1 మి.లీ. కలపడం సాధారణ పద్ధతి. దీనివల్ల ఇంజెక్షన్ సమయంలో మంట తగ్గుతుంది, పని కొంచెం త్వరగా మొదలవుతుంది. బుపివకైన్ అనే మరో మత్తుమందుతో మాత్రం జాగ్రత్త, దాన్ని ఎక్కువగా క్షారం చేస్తే అవక్షేపంగా దిగిపోతుంది. కలిపిన ద్రావణాన్ని వెంటనే వాడాలి, ఎందుకంటే అందులో అడ్రినలిన్ కలిపి ఉంటే అది క్షారంలో నిలవదు. వాచిన పన్ను విషయంలో ఇదొక్కటే సమస్యను తీరుస్తుందని మాత్రం చెప్పలేను. దానికి కారణం వచ్చే ప్రశ్నలోనే ఉంది.

పీహెచ్ కారణమే అయితే, ఇంజెక్షన్ పంటికి దూరంగా ఇచ్చినా మత్తు ఎందుకు విఫలమవుతుంది?

నా ఉద్దేశంలో ఈ మొత్తం విషయంలో అత్యంత ముఖ్యమైన ప్రశ్న ఇదే. పాఠ్యపుస్తకాల్లో పీహెచ్ కథ చాలా చక్కగా కుదురుతుంది, అందువల్ల చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ కింది దవడ దంతాలకు మత్తు ఇచ్చేటప్పుడు సూదిని పంటి దగ్గర పెట్టము. నోటి వెనక, దవడ ఎముక లోపలి గోడలో నాడి ఎముకలోకి ప్రవేశించే రంధ్రం దగ్గర పెడతాము. అది వాచిన పంటికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ వాపు లేదు, పీహెచ్ మామూలుగానే ఉంది. పెదవి మొద్దుబారుతుంది, అంటే నాడి నిజంగానే లొంగింది. అయినా లోపలి గుజ్జు ముట్టుకుంటే నొప్పి. పంటి గుజ్జు వాచినవారిలో ఈ ఒక్క ఇంజెక్షన్‌తోనే పూర్తి ఫలితం సగం మందికి కూడా రాలేదని పలు అధ్యయనాలు చెబుతున్నాయి.

మందు నాడిలోకి పూర్తిగా దిగలేదేమో అని అనవచ్చు. నాడి కట్టలో దగ్గరి దంతాలకు వెళ్లే తంతువులు బయటి అంచుల్లో, పెదవి, ముందు దంతాలకు వెళ్లేవి లోపలి నడిమి భాగంలో ఉంటాయన్నది సాధారణ అభిప్రాయం. మందు బయటి నుంచి లోపలికి దిగుతుంది. నడిమి భాగానికి సంబంధించిన పెదవే మొద్దుబారిందంటే, బయటి అంచుల్లోని దంత తంతువులకు మందు ముందే చేరి ఉండాలి. కాబట్టి ఇక్కడ దిగలేదన్న వాదన బలంగా నిలవదు.

కారణాన్ని నాడి స్వభావంలోనే వెతకాలి. వాపులో ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికినిన్ వంటి పదార్థాలు నొప్పి నాడి కొనలను అతిసున్నితం చేస్తాయి, చిన్న ప్రేరణకే అవి సంకేతం పంపుతాయి. అంతకంటే ముఖ్యమైనది ఛానళ్ల రకం. సోడియం ఛానళ్లు ఒకే రకం కాదు, తొమ్మిది రకాలున్నాయి. వాటిలో నావ్ 1.8, నావ్ 1.9 అనేవి నొప్పి నాడుల్లో ప్రధానంగా ఉంటాయి, టెట్రోడోటాక్సిన్ అనే చేప విషానికి లొంగవు. నావ్ 1.8 వంటి నిరోధక ఛానళ్లు లిడోకైన్‌కు కూడా సాధారణ ఛానళ్ల కంటే పలు రెట్లు తక్కువగా లొంగుతాయని ప్రయోగాల్లో తేలింది. నొప్పి ఉన్న పంటి గుజ్జులో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. పంటి నుంచి మెదడు కాండం వరకు సాగేది ఒకే నాడీకణం, దాని కణదేహం పుర్రె లోపల అడుగున ఉన్న నాడీముడిలో ఉంటుంది. వాపు సమాచారం కణదేహానికి చేరితే అక్కడ తయారయ్యే ఛానళ్లు తంతువు పొడవునా పంపిణీ అవుతాయి. కాబట్టి సూది గుచ్చినచోట కణజాలం ఆరోగ్యంగా ఉన్నా, అక్కడి తంతువు మాత్రం మామూలు తంతువు కాదు. ఎక్కువగా వాడే నాడిని మందు బాగా పట్టుకోవాలన్న సూత్రం ఎందుకు ఓడిపోతుందో దీనితో అర్థమవుతుంది. తేలికగా పట్టుబడని ఛానళ్లే ఎక్కువైనప్పుడు వాడకం వల్ల వచ్చే లాభం చాలదు.

వీటికి మరో రెండు చేరుతాయి. చాలా రోజులుగా నొప్పి ఉంటే మెదడు కాండంలోని కణాలు కూడా సున్నితమవుతాయి, కొద్దిగా దాటి వచ్చిన సంకేతాన్నే పెద్దగా వినిపిస్తాయి. కొందరిలో కింది దవడ దంతాలకు మరో నాడి శాఖ ద్వారా అదనపు దారి ఉంటుంది, ప్రధాన ఇంజెక్షన్ దాన్ని తాకదు.

ఆచరణలో ఇది ఎలా ఉంటుంది? ఒక ఉదాహరణ చెప్పగలరా?

60 కిలోల బరువున్న, ఆరోగ్యవంతుడైన పెద్దమనిషిని ఊహించండి. కింది కుడి మొదటి నమిలే పన్ను మూడు రాత్రులుగా సలుపుతోంది. చల్లటి నీరు తగిలితే నొప్పి పుట్టి నిమిషాల పాటు ఉండిపోతోంది. ముందు 2 శాతం లిడోకైన్, 1:80,000 అడ్రినలిన్‌తో కలిపి 1.8 మి.లీ. నాడి రంధ్రం దగ్గర ఇస్తాను. సూది పెట్టాక పిస్టన్‌ను వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకున్నాకే నెమ్మదిగా ఎక్కిస్తాను. పది నిమిషాలకు పెదవి సగం మొద్దుబారుతుంది.

ఈ దశలోనే తొందరపడి డ్రిల్ పట్టుకోవడం పెద్ద తప్పు. పెదవి మొద్దుబారడం పంటికి మత్తు ఎక్కిందన్న రుజువు కాదు. పంటి మీద చల్లబరిచే స్ప్రే తడిపిన దూదిని పెడతాను. రోగి ఉలిక్కిపడితే గుజ్జు ఇంకా మేలుకునే ఉందని అర్థం. అప్పుడు అదే ఇంజెక్షన్‌ను మరోసారి ఇచ్చి, దానికి తోడు పంటి పక్క బుగ్గవైపు చిగురులో 4 శాతం ఆర్టికైన్, 1:1,00,000 అడ్రినలిన్‌తో 1.8 మి.లీ. ఇస్తాను. ఆర్టికైన్ ఎముక గుండా బాగా దిగుతుంది కాబట్టి ఈ చోట అది ఉపయోగం. పది నిమిషాల తర్వాత దూది పెడితే స్పందన లేకపోతేనే పని మొదలవుతుంది.

గుజ్జును తాకేసరికి ఇంకా చురుక్కుమంటే, పంటి వేరుకు, ఎముకకు మధ్యనున్న సన్నని సందులోకో, ఎముకలోకో, చివరి ప్రయత్నంగా తెరిచిన గుజ్జులోకే ఒత్తిడితో మందు ఎక్కిస్తారు. చివరిది క్షణం పాటు బాగా నొప్పి పుట్టిస్తుంది, రోగికి ముందే చెప్పి తీరాలి. ఆశ్చర్యమేమిటంటే అక్కడ పనిచేసేది ప్రధానంగా ఒత్తిడి. ఉప్పునీరు ఎక్కించినా మత్తు వస్తుంది.

మోతాదు చూద్దాం. లిడోకైన్ రెండుసార్లు కలిపి 72 మి.గ్రా., ఆర్టికైన్ 72 మి.గ్రా. అడ్రినలిన్ ఉన్నప్పుడు రెండింటికీ సాధారణంగా పాటించే పరిమితి కిలోకు 7 మి.గ్రా., అంటే ఈ మనిషికి ఒక్కొక్కటి 420 మి.గ్రా. రెండు మందుల విషప్రభావం కలిసిపోతుంది కాబట్టి వాటా కట్టి కూడాలి. ఇక్కడ మొత్తం పరిమితిలో దాదాపు మూడో వంతే వాడాము.

ముందుగా మాత్రలేవైనా వేసుకుంటే మత్తు బాగా ఎక్కుతుందా?

గంట ముందు ఇబుప్రొఫెన్ వేసుకుంటే ఫలితం కొంత మెరుగుపడినట్లు సమీక్షలు చెబుతున్నాయి, ఎందుకంటే అది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తుంది. కడుపు పుండ్లు, మూత్రపిండాల సమస్య, రక్తం పలచబరిచే మందులు, గర్భం ఉన్నవారు తమంతట తాము వేసుకోరాదు. యాంటీబయాటిక్స్ ఈ పనికి పనికిరావు, వాచిన గుజ్జు నొప్పిని అవి తగ్గించవు.

చీము పట్టిన గడ్డకు కూడా ఇదే సమస్యా?

అదే సమస్య, ఇంకాస్త తీవ్రంగా. చీము కుహరంలోకి మందు ఎక్కిస్తే ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది, ఆమ్లం వల్ల మందు పనిచేయదు, పైగా సూదితో ఇన్ఫెక్షన్‌ను లోపలికి తోసే ప్రమాదం ఉంది. అందువల్ల గడ్డ చుట్టూ, వాపు అంచులు దాటిన ఆరోగ్యకర చర్మంలో వలయంలా మందు వేస్తారు, లేదా పైనున్న నాడినే మొద్దుబారుస్తారు.

మత్తుమందులో అడ్రినలిన్ ఎందుకు కలుపుతారు?

లిడోకైన్ తనంతట తానే రక్తనాళాలను విప్పారేలా చేస్తుంది, అంటే తనను తానే రక్తంలోకి తోసేసుకుంటుంది. అడ్రినలిన్ చిన్న రక్తనాళాల గోడలోని ఆల్ఫా గ్రాహకాల మీద పనిచేసి వాటిని ముడుస్తుంది. దీనివల్ల మందు చోటు వదలకుండా ఎక్కువసేపు నాడి పక్కనే ఉంటుంది, రక్తంలో దాని గరిష్ఠ స్థాయి తగ్గుతుంది, రక్తస్రావమూ తగ్గుతుంది. తేడా చిన్నదేమీ కాదు. అడ్రినలిన్ లేని 2 శాతం లిడోకైన్ పంటి గుజ్జులో దాదాపు 5 నుంచి 10 నిమిషాలే నిలుస్తుంది, అడ్రినలిన్‌తో సుమారు గంట. అందుకే కిలోకు 4.5 మి.గ్రా. వరకే ఇవ్వగలిగే లిడోకైన్‌ను అడ్రినలిన్ ఉన్నప్పుడు 7 మి.గ్రా. వరకు ఇవ్వవచ్చని సాధారణంగా పాటిస్తారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మన్ శస్త్రవైద్యుడు హైన్రిచ్ బ్రౌన్ 1903లోనే అడ్రినలిన్‌ను స్థానిక మత్తుకు జోడించి, అది రక్తాన్ని ఆపడానికి అవయవానికి బిగించే కట్టులా పనిచేస్తుందని చూపారు.

1:80,000 అన్న అంకె ఏం చెబుతుంది?

ఒక గ్రాము అడ్రినలిన్ 80,000 మి.లీ. ద్రావణంలో ఉందని. అంటే ఒక మి.లీ.లో 12.5 మైక్రోగ్రాములు. 1:1,00,000 అంటే 10, 1:2,00,000 అంటే 5 మైక్రోగ్రాములు. కింది అంకె పెద్దదయ్యేకొద్దీ మందు పలచబడుతుంది. పై ఉదాహరణలో లిడోకైన్ 3.6 మి.లీ.తో 45, ఆర్టికైన్ 1.8 మి.లీ.తో 18, మొత్తం 63 మైక్రోగ్రాములు వెళ్లాయి. ఆరోగ్యవంతులకు దంతవైద్యంలో పాటించే పరిమితి 200 మైక్రోగ్రాములు. తీవ్ర గుండెజబ్బు ఉన్నవారికి సాధారణంగా 40 మైక్రోగ్రాముల లోపే ఉంచుతారు కాబట్టి, అలాంటివారికి ఈ ఉదాహరణను అలాగే అనుసరించకూడదు.

అడ్రినలిన్ వాపు సమస్యను తీరుస్తుందా?

కొంతే. మందు కొట్టుకుపోకుండా ఆపుతుంది, అది నిజమైన మేలు. ఆమ్లత్వాన్ని మాత్రం తగ్గించలేదు, లొంగని ఛానళ్లను లొంగేలా చేయలేదు. పైగా అడ్రినలిన్ చెడిపోకుండా ఉండాలంటే ద్రావణాన్ని ఆమ్లంగానే ఉంచాలి కాబట్టి అది కలిపిన సీసాలో పీహెచ్ మామూలు లిడోకైన్ కంటే తక్కువగా, సుమారు 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. అందుకే ఎక్కించేటప్పుడు ఎక్కువగా మండుతుంది. అడ్రినలిన్ శాతం పెంచితే మత్తు లోతు పెరుగుతుందని ఆశించి 1:80,000 కంటే చిక్కగా వాడే ఆలోచన నాకు సమ్మతం కాదు, లాభం కంటే గుండెకు భారమే ఎక్కువ.

ఇంజెక్షన్ ఇవ్వగానే గుండె దడ, వణుకు వచ్చాయి. నాకు అలర్జీనా?

చాలావరకు కాదు. కొంత మందు రక్తనాళంలోకి నేరుగా వెళ్లి అడ్రినలిన్ గుండెను ఒక్కసారిగా వేగంగా కొట్టించినట్లవుతుంది. భయం వల్ల శరీరమే అడ్రినలిన్ విడుదల చేయడమూ కారణం కావచ్చు. ఇది కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. నిజమైన అలర్జీలో దద్దుర్లు, పెదవులు, కనురెప్పలు ఉబ్బడం, ఊపిరి బిగుసుకుపోవడం కనిపిస్తాయి. అడ్రినలిన్ ద్రావణంలో కలిపే మెటాబైసల్ఫైట్ అనే రక్షకం కొందరు ఆస్తమా రోగులకు పడదు, ఆ విషయం ముందే చెప్పాలి.

నోటి చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం కనిపిస్తే విషయం వేరు. మత్తుమందే రక్తంలో ఎక్కువైందనడానికి అవి గుర్తులు. వెంటనే ఇంజెక్షన్ ఆపి, ఆక్సిజన్ ఇచ్చి, అవసరమైతే 20 శాతం కొవ్వు ద్రావణాన్ని సిరలోకి ఎక్కించాలి. దాని మొదటి మోతాదు కిలోకు 1.5 మి.లీ.

వాడుతున్న మందుల విషయం చెప్పాల్సిన అవసరం ఉందా?

తప్పక ఉంది. ప్రొప్రనొలాల్ వంటి బీటా నిరోధకాలు వాడేవారిలో అడ్రినలిన్ కండరాల రక్తనాళాలను విప్పార్చే దారి మూసుకుపోయి, ముడిచే దారి ఒక్కటే మిగులుతుంది. దానివల్ల రక్తపోటు బాగా పెరిగి, గుండె వేగం తగ్గవచ్చు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పరిశీలిస్తూ ఇస్తాము. అలాగే అదుపులో లేని థైరాయిడ్, ఇటీవల గుండెపోటు, అదుపులో లేని రక్తపోటు ఉన్నాయని తెలిస్తే అడ్రినలిన్ లేని మందునే ఎంచుకోవచ్చు.

వేళ్లకు అడ్రినలిన్ ఇవ్వకూడదని విన్నాను. నిజమేనా?

చాలాకాలం పుస్తకాల్లో అలాగే రాశారు. రక్తనాళాలు ముడుచుకుపోయి వేలు చచ్చిపోతుందన్నది భయం. చేతి శస్త్రవైద్యంలో 1:1,00,000 లేదా అంతకంటే పలచని అడ్రినలిన్‌ను ఆరోగ్యకరమైన వేళ్లలో వేల సందర్భాల్లో వాడారు, ఆ భయం నిజం కాలేదు. రక్తప్రసరణ అప్పటికే దెబ్బతిన్న వేలి విషయంలో మాత్రం జాగ్రత్త అలాగే ఉంది. అవసరమైతే ఫెంటోలమైన్ అనే మందుతో ఆ ముడుపును విడదీయవచ్చు. అడ్రినలిన్ ఇచ్చాక రక్తస్రావం పూర్తిగా తగ్గడానికి దాదాపు 25 నిమిషాలు పడుతుంది, వెంటనే కోయడం మొదలుపెడితే ఆ లాభం దక్కదు.

పని అయిపోయాక పెదవి గంటల తరబడి మొద్దుగానే ఉంది. పంటి నొప్పి మాత్రం అప్పుడే మొదలైంది. ఎందుకు?

మత్తు రెండు చోట్ల రెండు రకాలుగా తగ్గుతుంది. అడ్రినలిన్ కలిపిన లిడోకైన్ పంటి లోపల గంట సేపు నిలిస్తే, పెదవి, నాలుక, చిగురులో 3 నుంచి 5 గంటలు నిలుస్తుంది. కాబట్టి పెదవి మేలుకునేదాకా ఆగకుండా, వైద్యుడు రాసిన నొప్పి మాత్రను ముందే వేసుకోవాలి. పిల్లల్లో మొద్దుబారిన పెదవిని తెలియకుండా కొరుక్కుని పుండు చేసుకోవడం తరచుగా చూస్తాము, ఆ గంటలు గడిచేవరకు పక్కనే ఒకరు ఉండి గమనించాలి, గట్టి ఆహారం, వేడి పానీయాలు ఇవ్వకూడదు.